ఒకటో తారీఖున పుట్టారా?

ఆదోని, ఎమ్మిగనూరు పక్క చాలామంది ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్‌లో పుట్టినరోజు జూలై ఒకటి అని ఉంటుంది. బడిలో చేర్చినప్పుడు అయ్యవారు వేసిన తేదీ. అసలు తేదీ ఏదైనా, లెక్కకొచ్చేది రిజిస్టర్‌లో ఉన్నదే.

మన రాష్ట్రంలో 2022 జనవరి నుంచి రిటైర్మెంట్ వయసు 62 ఏళ్లు. ఆ వయసు నిండిన నెలలో చివరి రోజు సాయంత్రం దిగిపోవాలి. మరి వయసు నిండేదెప్పుడు? పుట్టినరోజు నాడు కాదు, దానికి ముందు రోజు. పుట్టిన రోజునే మొదటి రోజుగా లెక్కపెడతారు కాబట్టి, ముందు రోజుతోనే ఏడు పూర్తవుతుంది. మెలిక అంతా ఇక్కడే!

ఆదోనిలో ఒక టీచరమ్మ అనుకుందాం. పుట్టింది 1964 జూలై ఒకటి. ఆమెకు 62 నిండేది 2026 జూన్ 30న. అంటే వయసు నిండిన నెల జూన్. ఆ రోజే ఆమె ఆఖరి డ్యూటీ. జూలై ఒకటి నుంచి పెన్షన్.

ఎమ్మిగనూరులో ఆమె స్నేహితురాలు పుట్టింది జూలై రెండు. ఆమెకు వయసు నిండేది జూలై ఒకటిన. కాబట్టి జూలై 31 దాకా ఉద్యోగమే. తేడా ఒక్క రోజు, జీతం మాత్రం నెల!

జనవరి ఒకటైతే ఏడాదే మారుతుంది. డిసెంబరు 31నే రిటైర్మెంట్. ఆఫీసులో పొరపాటున నెల ఎక్కువ వేస్తే, ఆ జీతం బిల్లు ట్రెజరీలో చిక్కుకోవచ్చు. పెన్షన్ కాగితాలు పంపేముందే రిజిస్టర్ మొదటి పేజీ తీసి చూడండి. అక్కడ ఒకటో తారీఖు కనిపిస్తే, ముందు నెల చివరి రోజు.