ఒకే పట్టిక ముందు ముగ్గురు ఉద్యోగులు
(కరీంనగర్‌లో డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డేటా అనలిస్టు, డేటా సైంటిస్టు, మెషీన్ లెర్నింగ్ ఇంజనీరు అనే మూడు ఉద్యోగాలలో దేనిని ఎంచుకోవాలని మీరు మమ్మల్ని అడిగారు. జీతాల పట్టికతో మేము సమాధానం చెప్పదలచుకోలేదు. మన ఇళ్ళకు బాగా తెలిసిన ఒక వ్యవహారాన్ని తీసుకుని, అందులో ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూద్దాం.

తెలంగాణ ప్రభుత్వం వివిధ శాఖల రికార్డులను ఒకే వ్యక్తి పేరున కలిపి చూసేందుకు 'సమగ్ర వేదిక' అనే సాఫ్ట్‌వేర్‌ను వినియోగించింది. కారున్న కుటుంబానికి రేషన్ కార్డు అవసరం లేదన్నది అటువంటి లెక్క. కానీ పేరు పోలికవల్ల మరొకరి కారు ఒక పేదవాని ఖాతాలో పడితే? రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇటువంటి పట్టిక ముందు మొదట కూర్చునేది అనలిస్టు. అతడు వేసే ప్రశ్న చిన్నది:

```
SELECT mandal, COUNT(*) FROM cards
WHERE status = 'cancelled' GROUP BY mandal;
```

ఒక మండలంలో సంఖ్య అసాధారణంగా ఎక్కువగా కనిపించిందనుకుందాం. కారణాల వారీగా విడదీస్తాడు. 'కారు ఉంది' అన్న కారణమే అధికం. పేర్లు తీసి చూస్తే సయ్యద్, షేక్, మహమ్మద్ అని మొదలయ్యేవి ఎక్కువ. ఆ గడిని ఎవరు నింపారు, ఏ కాగితం చూసి నింపారు అని ఫోను చేసి అడుగుతాడు. అతని రోజులో సగం పట్టికను శుభ్రపరచడానికే పోతుంది. మిగిలిన సగం, కంప్యూటరు తెలియని అధికారికి రెండు పేజీలలో విషయం చెప్పడానికి. ఎస్‌క్యూఎల్, ఎక్సెల్, మంచి తెలుగు, మంచి ఇంగ్లీషు అతని పనిముట్లు. ఈ వాకిలి బి.కాం. విద్యార్థికి సైతం తెరచి ఉంటుంది.

పొరపాటు ఎందుకు జరుగుతున్నదో, దానిని ఎంతవరకు తగ్గించవచ్చో తేల్చేది సైంటిస్టు. 'మహమ్మద్ అలీ', 'మహమ్మద్ హైదర్ అలీ' అన్న రెండు పేర్లలో రెండేసి మాటలు కలిశాయి. యంత్రానికి అది గొప్ప పోలిక. మన వీధిలో మాత్రం అది పోలికే కాదు. 'మహమ్మద్' అన్న మాట ఇంటింటా ఉంటుంది. అరుదైన మాట కలిస్తే ఎక్కువ బరువు, సాధారణమైన మాట కలిస్తే తక్కువ బరువు ఇవ్వాలి. ఈ ఆలోచనకు కెనడాకు చెందిన ఫెలెగి, సంటర్ 1969లోనే గణితరూపం ఇచ్చారు.

తరువాత అతడు కొన్ని జతలను చేత్తో పరిశీలిస్తాడు. 200 జతలలో నిజంగా ఒకే మనిషివి 50 అనుకుందాం. పోలిక గీత 0.80 వద్ద పెడితే యంత్రం 60 జతలను 'ఒకరే' అన్నది. అందులో 45 సరైనవి, 15 తప్పు. గీతను 0.90కి జరిపితే 40 అన్నది. 38 సరైనవి, తప్పు రెండే. కానీ అసలైన జతలు 12 జారిపోయాయి. ఏ గీత మంచిది? జారిపోయిన జతవల్ల అనర్హునికి బియ్యం వెళ్ళవచ్చు, తప్పు జతవల్ల అర్హుని పొయ్యి ఆరిపోవచ్చు. ఈ రెండింటినీ తూచి, తన నిర్ణయాన్ని అంకెలతో సమర్థించుకోగలగాలి. సంభావ్యతా శాస్త్రం, గణాంకశాస్త్రం ఇష్టంగా చదివినవారే ఇందులో నిలుస్తారు. చాలాచోట్ల పీజీ అడుగుతారు.

200 జతలపై నడిచిన ప్రోగ్రాం లక్ష రికార్డులపై నడవదు. ప్రతి రికార్డును ప్రతి రికార్డుతో పోల్చితే దాదాపు 500 కోట్ల జతలవుతాయి. ఇంజనీరు పని ఇక్కడ మొదలవుతుంది. జిల్లా, పుట్టిన సంవత్సరం ఒకటైన వారినే పోల్చేటట్లు అతడు గుంపులు కడతాడు. పుట్టిన సంవత్సరం తప్పుగా నమోదైన మనిషి తన గుంపులోకే రాడన్న సంగతి కూడా అతడే పట్టుకోవాలి. ఒక రాత్రి వచ్చిన ఫైలులో నెల, తేదీ తారుమారైతే ప్రోగ్రాం ఆగదు. నిశ్శబ్దంగా తప్పుడు జవాబులిస్తుంది. నిన్న వంద జతలు దొరికినచోట నేడు పదే దొరికితే ఆపి హెచ్చరించే ఏర్పాటు ముందే ఉండాలి. పైథాన్, లినక్స్, గిట్, అర్ధరాత్రి ఫోను ఎత్తే ఓర్పు, ఇవి అతనికి కావాలి. సూత్రాలకంటే ప్రోగ్రాములతోనే అతని కాలం గడుస్తుంది.

ప్రకటనలోని పేరును నమ్మవద్దని మా అనుభవం. 'సైంటిస్టు' అని పిలిచి వారంవారం నివేదికలు చేయించే కంపెనీలున్నాయి. మొదటి మూడు నెలల్లో ఏమి చేయాలి, చేసినదానిని ఎవరు వాడతారు అని ఇంటర్వ్యూలోనే అడగండి.

అంతకుముందు ఇంట్లో ఒక పరీక్ష చేసుకోండి. మీ కళాశాలలోని రెండు పేర్ల జాబితాలను, అనుమతితో, తీసుకుని ఒకే విద్యార్థిని రెండింటిలో గుర్తించే ప్రయత్నం చేయండి. తేడాలెక్కడున్నాయో వెదకడంలో పొద్దు తెలియకపోయిందా, గీత ఎక్కడ గీయాలన్న మథనంలోనా, రోజూ దానంతటదే నడిచేలా చేయడంలోనా? మీకు ఏ భాగంలో విసుగు పుట్టిందో కూడా రాసి పెట్టుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి.