ఎక్స్‌రేలో ఏది కుడి, ఏది ఎడమ?

ఛాతీ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూస్తే, గుండె కొన మీ కుడిచేతి వైపు కనిపిస్తుంది. కంగారు పడకండి. రోగి ఎదురుగా నిలబడినట్టు డాక్టరు చూస్తారు. రోగికి ఎడమ, చూసేవారికి కుడి. సీటీ స్కాన్ అడ్డకోతను కూడా, పడుకున్న రోగిని పాదాల వైపు నుంచి చూసినట్టే చూపిస్తారు.

ఫిల్ము అంచున తెల్లగా ‘ఆర్’ లేదా ‘ఎల్’ ఉంటుంది. అది సీసపు అక్షరం నీడ. ఎక్స్‌రే తీసేముందే దాన్ని పెట్టాలి. తరువాత కంప్యూటర్‌లో చేర్చితే పొరపాటుకు చోటెక్కువ.

అక్షరం అద్దంలోలా తిరగబడితే ఫిల్మును తిరగేసి పట్టుకున్నట్టే. అక్షరం సరిగానే ఉండి, గుండె కొన ‘ఆర్’ వైపు ఉంటే? గుర్తు తప్పుగా పెట్టి ఉండాలి, లేదా అరుదుగా పుట్టుకతోనే గుండె కుడివైపు ఉండాలి. ఏదన్నది రోగి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి తేల్చుకుంటారు.