గోవా ఫలితాలను ఎలా చదవాలి

కొత్తవలసలో కుంగుబాటు రోగుల్ని చూసే డాక్టర్లకు 2017లో వెలువడిన గోవా పరిశోధన పనికొస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 495 మందిని లాటరీ పద్ధతిలో విడదీసి, సగం మందికి శిక్షణ పొందిన సామాన్య కౌన్సెలర్లతో మాటల చికిత్స కూడా ఇప్పించారు. మూడో నెలకు రోజువారీ పనుల్లో పెరిగిన చురుకుదనం పన్నెండో నెల ఉపశమనానికి కొంతమేర దారి వేసిందని తేల్చారు. ఇదే మీడియేషన్.

ఇక్కడ కాస్త ఆగాలి. లాటరీ పంచింది చికిత్సనే, చురుకుదనాన్ని కాదు. మూడో నెలకే కుంగుబాటు తగ్గినవాళ్లు ఆ తగ్గుదల వల్లే చురుగ్గా మారి ఉండవచ్చు. అప్పటి కుంగుబాటు స్కోరును లెక్కలో కలిపారా, చూడండి.

చికిత్స ఎవరికి ఎక్కువ పనిచేసిందన్నది మోడరేషన్. ఉదాహరణకు ఆడవారిలో పి విలువ 0.03, మగవారిలో 0.20 వస్తే తేడా రుజువైనట్టు కాదు. ఆ రెండు ప్రభావాల మధ్య తేడాకే విడిగా ఇంటరాక్షన్ పరీక్ష చేసి ఉండాలి.