"ఒరిజినలేనా అండీ?" అని అడిగితే

కట్టి దాచుకున్న పోచంపల్లి పట్టుచీర ఒకటి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారనుకోండి. కాసేపటికే మెసేజ్ వస్తుంది: "ఒరిజినలేనా అండీ? డ్యామేజ్ ఏమైనా ఉందా?" "ఒరిజినలే, కొత్తదానిలా ఉంది" అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కొనేవారికి ఆ జవాబు చాలదు. "ఒరిజినలేనా" అంటూ వాళ్లు నిజానికి మూడు సంగతులు అడుగుతున్నారు: ఇది పట్టేనా, ఇక్కతేనా, మగ్గం మీద నేసిందేనా?

ఇక్కత్ సంగతి ఇంట్లోనే తెలుస్తుంది. చీర తిరగేసి చూడండి. ఇక్కత్‌లో పోగులను ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచుల్లో రంగు కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. అచ్చు వేసిన చీరైతే సాధారణంగా లోపలి వైపు రంగు వెలిసినట్టుంటుంది.

పట్టు కోసం కొంగు చివర నిలువు పోగొకటి, అడ్డం పోగొకటి లాగి విడివిడిగా కాల్చండి. ఒకటి పట్టు, ఇంకొకటి నూలు ఉండే చీరలున్నాయి కాబట్టి రెండూ చూడాలి. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. సిల్క్ మార్క్ ఉంటే మంచిదే, కానీ అది పట్టు అని మాత్రమే చెబుతుంది. మగ్గం నేత అని చెప్పదు.

ఇక డ్యామేజ్. చీరను కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుని మడత మడతా చూడండి. ఏళ్లతరబడి ఒకే మడతలో ఉన్న పట్టు అక్కడే చిట్లుతుంది. అది ఇస్త్రీతో పోయేది కాదు, కట్టుకున్నరోజే చిరగవచ్చు. అందుకే దాన్ని తప్పకుండా చెప్పాలి.

ఇప్పుడు జవాబు ఇలా రాయండి:

"నమస్తే అండీ. డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంది, తిరగేసిన ఫొటో పంపుతున్నాను. నిలువు పోగు, అడ్డం పోగు కాల్చి చూశాను, రెండూ పట్టే. మగ్గం నేత అని షాపులో చెప్పారు. బిల్లు లేదు కాబట్టి ఆ మాటకు నేను పూచీ పడలేను. జరీ పరీక్ష చేయించలేదు. భుజం దగ్గర రెండు పిన్ను రంధ్రాలున్నాయి. కుచ్చిళ్లు వచ్చేచోట ఒక మడతలో రెండు అంగుళాల మేర పోగులు చిట్లాయి. పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుగులో తీసిన ఫొటో చూడండి. అందుకే ధర తగ్గించాను. చూసుకున్నాకే డబ్బు పంపండి."

ఇందులో చూసి చెప్పింది వేరు, విని చెప్పింది వేరు, తెలియనిది వేరు. "చిన్న డ్యామేజ్" అని రాస్తే చదివేవారు గోరంత అనుకుంటారు. చోటు, కొలత రాస్తే తమకు పనికొస్తుందో లేదో వాళ్లే తేల్చుకుంటారు. పెళ్లికి కట్టుకోవాలనుకున్నవారు వద్దనవచ్చు. చిట్లిన ముక్క తీసేసి లంగా కుట్టించుకోవాలనుకున్నవారు సంతోషంగా తీసుకోవచ్చు.

చీర పంపేముందు ఆ మడతను మళ్లీ ఒకసారి చూడండి. చిట్లు పెరిగి ఉంటే ప్యాక్ చేయకముందే ఆ మాట కూడా కొనేవారికి రాయండి.