ఆవు ఎందుకు చేపడం లేదు?

నేను గుంటూరు జిల్లాలో చాలా ఏళ్ళు పశువైద్యుడిగా పనిచేసి, ఇప్పుడు పిల్లల దగ్గర డల్లాస్‌లో ఉంటున్నాను. ఈ మధ్య ఒక శ్రోత ఫోన్ చేసి, "ఊళ్ళో అమ్మావాళ్ళ ఆవు పాలు తగ్గిపోయాయండీ. దాణా పెంచమని డబ్బు పంపాను, లాభం లేదు" అన్నారు. మీలో చాలామందికి ఊళ్ళో ఇంకా పాడి ఉంది కాబట్టి ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందు ఒక తేడా గ్రహించాలి. పాలు తయారు కావడం వేరు, చేపడం వేరు. తయారయ్యేది రోజంతా, మేతను బట్టి. తయారైన పాలలో ఎక్కువ భాగం పొదుగులో సన్నని తిత్తుల్లో ఉంటుంది. దూడ చన్ను నోట పట్టినప్పుడు, లేదా చేత్తో పొదుగు తుడిచినప్పుడు, ఆవు మెదడు దగ్గరి గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. అది ఆ తిత్తులను నొక్కితేనే పాలు కిందికి దిగుతాయి. దాన్నే మనవాళ్ళు చేపడం అంటారు. ఇందుకు సుమారు ఒక నిముషం పడుతుంది. ఆ ప్రభావం ఎంతోసేపు ఉండదు, అందుకే అయిదు నుంచి ఏడు నిముషాల్లో పితకడం ముగియాలి. ఆవు బెదిరినా, దెబ్బ తిన్నా, కొత్త మనిషిని చూసినా చేపు ఆగిపోతుంది.

ఆ శ్రోత ఇంట్లో జరిగింది చూడండి. ఆవు పూటకు మూడు లీటర్ల చొప్పున రోజుకు ఆరు లీటర్లు ఇచ్చేది. పితికే పెద్దాయన పట్నం వెళ్ళారు. నాలుగు ఇళ్ళు తిరిగే మనిషిని పెట్టుకున్నారు. పాలు నాలుగున్నరకు పడ్డాయి. కేంద్రంలో వెన్న శాతం నాలుగు నుంచి మూడుకు దిగింది. దాణా ఒక కిలో పెంచారు, మార్పు లేదు.

నేను రెండు ప్రశ్నలు అడిగాను. పితికాక పొదుగు మెత్తబడుతోందా? ఆ తరువాత విడిచిన దూడ ఎంతసేపు తాగుతోంది? పొదుగు బిగువుగానే ఉందట. దూడ నోట నురగ కారేలా తాగి పారుకుంటోందట. ఇక అనుమానం లేదు. పాలు తయారవుతున్నాయి, బయటికి రావడం లేదు. వెన్న తగ్గడమూ అదే చెబుతుంది, ఎందుకంటే మొదటి ధారలు పల్చన, ఆఖరి ధారల్లోనే వెన్న ఎక్కువ. అవి దూడకు పోతున్నాయి. మేత లోపమైతే పాలు నెమ్మదిగా తగ్గుతాయి, పితికాక పొదుగు వదులుగా ఉంటుంది.

ఆ మనిషి దూడను విడిచి, వెంటనే లాగి కట్టేసి, అప్పుడు బిందె తేవడానికి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళేవాడు. ఈలోగా అయిదారు నిముషాలు! వచ్చిన చేపు వృథా అయ్యేది. దాణా కూడా ముందే పెట్టేసేవారు. అది తినడం అయ్యాక ఆవు కదిలేది, తన్నేది.

నేను చెప్పిన వరస ఇది. ముందు బిందె, గోరువెచ్చని నీళ్ళు, గుడ్డ సిద్ధం చేసుకోవాలి. దూడను విడిచి నాలుగు చన్నులూ ఒక నిముషం చీకనివ్వాలి. తరువాత తల్లి నాకేందుకు వీలుగా ముందు కట్టాలి. పొదుగు కడిగి, తుడిచి, వెంటనే కూర్చోవాలి. దాణా అప్పుడే ముందు పెట్టాలి, తింటున్నప్పుడు చేపు బాగుంటుంది. బొటనవేలు మడవకుండా గుప్పిటతో పితకాలి. రోజూ అవే వేళలు పాటించాలి. దూడకు రోజూ తన బరువులో పదో వంతు పాలు కావాలి. పాతిక కిలోల దూడకు రెండున్నర లీటర్లన్నమాట. అది ఉంచాకే మన లెక్క.

దాణాకూ లెక్క ఉంది. పచ్చిగడ్డి, ఎండుగడ్డి కాక, ఆవు పోషణకు కిలో, కిలోన్నర, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో. ఆరు లీటర్ల ఆవుకు నాలుగు కిలోల లోపే సరిపోతుంది.

పది రోజులకు పాలు అయిదున్నరకు వచ్చాయి, ఆరు కాలేదు. పొదుగులో పాలు మిగిలిపోతూ ఉంటే తయారీయే తగ్గుతుంది. అది ఈ ఈతలో పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. దూడ చనిపోతే చిక్కు మరీ ఎక్కువ. కొందరు దూడ తోలులో గడ్డి కుక్కి చూపుతారు. ఈనిన నాటి నుంచే దూడ లేకుండా, దాణాతో, చేతి స్పర్శతో అలవాటు చేస్తే ఈ బాధ తక్కువ. కానీ నాటు ఆవులు, గేదెలు అందుకు తొందరగా ఒప్పుకోవు. రోజూ సూది వేసి చేపించడం మాత్రం వద్దు. ఆవు దానికే అలవాటుపడి, ఆ పైన సూది లేనిదే చేపదు.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు డబ్బు సంగతికి ముందు ఆ రెండు ప్రశ్నలూ అడగండి. సెలవు.