అడుగుటయందలి మర్యాద

ఎవరి స్మృత్యర్థము మనమీ సాయంకాలము సమావేశమైతిమో ఆ పండితుడు యావజ్జీవము వ్యాకరణము బోధించినవాడు. విధ్యర్థక రూపములను శిష్యులచేత వల్లెవేయించిన ఆయన పేరిట, ఆ విధ్యర్థకమును వాడవలసినచోటనే మనము దానిని వాడక చుట్టుదారిని పోవుట ఎందువలననో విచారించుట తగియుండునని తలంచితిని.

మనుష్యుడు పదిమందిలో తనకై కోరుకొను గౌరవరూపమును 'ముఖ'మని పేర్కొని, ఒకరి ముఖమును మరియొకరు కాపాడుకొనుచుండుటచేతనే సంభాషణము సాగుచున్నదని ఎర్వింగ్ గోఫ్‌మన్ అను సమాజశాస్త్రజ్ఞుడు 1955లో నిరూపింపబూనెను. ఆ భావమును గైకొని, పెనెలపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్ అను ఇరువురు 1978లో ఒక సుదీర్ఘవ్యాసము ప్రకటించిరి. అదియే 1987లో ప్రత్యేకగ్రంథముగా వెలువడినది. వారు ముఖ్యముగా పరిశీలించిన భాషలు మూడు: ఆంగ్లము, మెక్సికోదేశపు చియాపాస్ ప్రాంతమున మాయాజాతివారు మాటలాడు త్సెల్తాల్, మన పొరుగున కోయంబత్తూరు మండలములోని పల్లెల తమిళము. ఇంత దూరదూరముననున్న భాషలయందు మర్యాదోపాయములు ఒక్కపోలికగా నుండుట వారిని ఆశ్చర్యచకితులను జేసినది.

వారి మతమున ప్రతి మనుష్యుని పరువునకును రెండు ముఖములు గలవు. నలుగురు తన్ను మెచ్చి తమవానిగా నెంచవలెనను కోరిక యొకటి. తన పనికి, తన వస్తువునకు, తన కాలమునకు ఒకరడ్డు రాకుండవలెనను కోరిక మరియొకటి. ఒకరినేదైన అడుగుట ఈ రెండవదానిపై పడు దెబ్బ. దాని బరువును నిర్ణయించునవి మూడు: అడుగువానికిని వినువానికిని నడుమనున్న ఎడము, వినువాని ఆధిక్యము, అడుగబడిన దాని భారము. ఈ మూడింటి మొత్తము పెరిగినకొలదిని మాట వంపు తిరుగునని వారి సిద్ధాంతము.

సూత్రము చెప్పినంతమాత్రమున విషయము తెలియదు గనుక ఒక సన్నివేశమును విప్పి చూతము. తొలకరి వాన కురిసినది, చేను పదునెక్కినది. ఒక రైతు ఎద్దు కాలు బెణికి కుంటుచున్నది. వరుసకు బాబాయియైన పొరుగు పెద్దరైతుకు మంచి అరక గలదు. ఇదే కోరికను నడివేసవిలో కోరినచో అది ఏపాటిది? కొట్టములో ఊరకయున్న ఎడ్లను తోలుకొని వచ్చుటయే. ఇప్పుడన్ననో, ఒక్కనాడు జాగైన పదును ఆరిపోవును. ఇచ్చువాడు తన అదనునే ధారపోయవలెను. ఎడము మారలేదు, ఆధిక్యము మారలేదు, భారమొక్కటే ఒక్క వానతో పదింతలైనది. అందుచేత ఆ రైతు, "రేపు మీ అరక ఇటు తోలించండి" అనలేక, "బాబాయ్, రేపు ఒక్కపూట మీ అరక ఇప్పిస్తారా?" అని యడుగును.

ఈ చిన్నవాక్యమును నేను మిక్కిలి గౌరవముతో చూచెదను. ఇందు మూడు బరువులకును మూడు విరుగుడులున్నవి. 'బాబాయ్' అను పిలుపు ఎడమును తగ్గించినది. 'ఒక్కపూట' యనుట భారమును తేలికపరచినది. 'ఇప్పిస్తారా' యను ప్రేరణరూపము, ఎడ్లను స్వయముగా విప్పి యిచ్చు పనివానిగా గాక, ఆజ్ఞ చేసి యిప్పించు పెద్దగా ఆయనను నిలిపి, ఆధిక్యమునకు నమస్కరించినది. మన పల్లెలలో అక్షరము రానివారుకూడ ఇట్టి ప్రేరణరూపమును చోటెరిగి వాడుచుందురు. వ్యాకరణములు దానిని క్రియాప్రకరణములో వర్ణించి విడిచినవేగాని, దాని మర్యాదాప్రయోజనమును తగినంత విచారించినట్లు నాకు తోచదు.

ఇక ప్రశ్నరూపము చేయు ఉపకారమెట్టిది? ఆజ్ఞకు "తోలను" అనుట ధిక్కారమగును. ప్రశ్నకు "రేపు మావాడు చెరువుకింద దున్నుతున్నాడురా" అనుట కేవలము సమాధానమగును. నిరాకరణము మనస్సుమీదినుండి పరిస్థితిమీదికి జరిగినది. ఇచ్చుటకెంతో, ఈకుండుటకును అంత చోటుండుటచేత, ఇచ్చినపుడది దాతయొక్క స్వేచ్ఛాకార్యముగా మిగులును. పరోక్షముగా నడిగిన మాట మనకు మృదువుగా తోచుటకు, నా యభిప్రాయమున, మూలకారణమిదియే. మాటల పొడవు గాదు, అస్పష్టతయు గాదు.

అస్పష్టత కాదని యింత గట్టిగా చెప్పుటకు హేతువు కలదు. బ్రౌన్, లెవిన్‌సనుల మెట్లలో, అసలడుగకుండుటను విడిచినచో, సూచనమాత్రముగ చెప్పి యూరకుండుట అన్నిటికంటె పైమెట్టు. ఆ లెక్కను, "వాన బాగా పడింది, మా ఎద్దేమో కుంటుతోంది" అని నిట్టూర్చి యూరకుండుట పై వాక్యముకంటె మర్యాదకరము కావలెను. జెరూసలేమునందలి హీబ్రూ విశ్వవిద్యాలయమునకు చెందిన షోషనా బ్లూమ్-కుల్కా 1987లో ప్రకటించిన పరిశోధనలో, హీబ్రూ, ఆంగ్లము మాతృభాషలుగా గలవారిచేత వివిధములైన అభ్యర్థనలకు పరోక్షతను బట్టి యొకమారు, మర్యాదను బట్టి యొకమారు తారతమ్యము నిర్ణయింపజేసెను. పరోక్షతయందు సూచనలే అగ్రస్థానమున నిలిచినవి. మర్యాదయందు మాత్రము ఆ స్థానము వానికి దక్కలేదు. "ఇవ్వగలరా" వంటి వాడుకపడిన ప్రశ్నలనే జనులు మిక్కిలి మర్యాదకరములని యెంచిరి. సూచన వినినవాడు దాని తాత్పర్యమును తానే వెదకికొనవలెను. బలవంతము తప్పినదిగాని ఊహాభారము నెత్తిన బడినది. మన బాబాయి, "అయ్యో, ఏం మందు వేశావురా?" అని యెద్దును గూర్చియే పలుకరించినచో, అడిగినవాడు మరల మొదలుపెట్టవలెను, అర్థమైయు కానట్లు నటించెనేమోయను శంక ఇరువురి నడుమ మిగులును. వాడుకపడిన ప్రశ్నకు ఆ చిక్కు లేదు: కోరిక తేటగానున్నది, త్రోవయు తెరచియున్నది.

ఆ త్రోవ నిజముగా తెరచియున్నదా యనునది వేరు పరీక్ష. అదే పెద్దరైతు తన పాలేరుతో, "పశువులకు మేత వేసినట్టు లేదే" యనిన, రూపమున నది కేవలపరామర్శ. పాలేరు మాత్రము మేతమోపునకై పరుగెత్తును. కాదనుటకు స్థానములేనిచోట సూచన ఆజ్ఞకంటె కఠినము, ఏలయన ఆజ్ఞాపించితినను బాధ్యతనైన యజమాని వహింపలేదు. వాక్యరూపమునే కొలిచి మర్యాదను నిర్ణయించువారు ఇచ్చట పొరపడుదురు. వినువాడు "లేదు" అనినచో రేపటినుండి వాని కేమగునని యడిగి చూచినగాని సంగతి తేలదు.

ఇంతకు విపరీతమైన దింకొకటి గలదు. భోజనవేళకు వచ్చిన యతిథిని "భోజనం చేస్తారా?" యని యడుగుట మన యిండ్లలో వెలితిగా తోచును, "లేవండి, కాళ్లు కడుక్కోండి, వడ్డిస్తున్నాం" అనుటయే ఆదరము. ఆ క్రియలన్నియు నిష్కర్షయైన విధ్యర్థకములే! ఇచ్చట మేలు పొందువాడు వినువాడు గనుక, అతని స్వేచ్ఛకు దెబ్బయని లెక్కించునది ఏమియు లేదు. పైగా ప్రశ్న వేసినచో, ఆకలిని తన నోట నొప్పుకొను భారము అతనిమీద బడును. అతిథి "ఇప్పుడే తిని వచ్చానండీ" యనును, గృహిణి దానిని నిరాకరణముగా గైకొనక ఆకు వేయించును, అతడు మరల వద్దనును, ఆమె మరల లెమ్మనును, మూడవమారు లేచును. మొదటిమారు వద్దనగనే విని యూరకుండుట, అరక నడిగిన రైతుపట్ల ధర్మమైనను, ఈ యతిథిపట్ల పస్తు పెట్టుటయే యగును.