మనం వచ్చేశాక మాట్లాడే కాగితం



సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడానికి వెళ్తే మన గోడు చెప్పుకోవడానికి దొరికేది కొద్ది నిమిషాలే. అక్కడ ఎంత బాగా మాట్లాడినా పని అక్కడితో తేలదు. అర్జీ సంబంధిత శాఖకు పోతుంది. ఆ ఫైలు చూసే వారు మన మాట విని ఉండరు. వారి ముందు ఉండేది మనం ఇచ్చి వచ్చిన కాగితమే. అది ఒక్క పేజీలో ఎలా ఉండాలో ఒక ఉదాహరణ తీసుకుని చెబుతాను.

మన వెంకటాచలం మండలంలో ఒక ఊరి ఖబరస్తాన్‌కు కాలువ వైపు గోడ లేదనుకుందాం. వానకు గట్టు కోసుకుపోతూ సమాధుల దగ్గరకు వస్తోంది. మాట్లాడేటప్పుడు ఆ స్థలం కథ, పెద్దల బాధ అన్నీ చెబుతాం. కాగితంలో మాత్రం మొదటి వాక్యమే మన కోరిక కావాలి: "ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులోని ఖబరస్తాన్‌కు కాలువ వైపు 40 మీటర్ల గోడ కట్టించడానికి 2 లక్షల రూపాయలు మంజూరు చేయగలరు."

దాని కింద కారణం రెండు మూడు వాక్యాల్లో రాయాలి. గట్టు ఎంత మేర కోతపడింది, సమాధులకు ఇంకా ఎన్ని అడుగుల దూరం ఉంది అన్నది కొలిచి రాయాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి సెప్టెంబరులోగా గోడ పూర్తి కావాలని కూడా రాయాలి. గడువు లేని కాగితం ఎప్పుడైనా చూడొచ్చులే అనిపిస్తుంది.

తర్వాత లెక్క. మీటరుకు 6 వేల చొప్పున 40 మీటర్లకు 2 లక్షల 40 వేలు అనుకుందాం. అందులో సంఘం 40 వేలు పెట్టుకుంటే అడిగేది 2 లక్షలు. ఆ రేటు మనం ఊహించి వేయకూడదు, ఇంజనీరు అంచనా నుంచే తీసుకోవాలి. అడంగల్ నకలు, కొలతల స్కెచ్, అంచనా, ఫొటో వెనుక జతచేసి, వాటి పేర్లు పేజీ చివర వరుసగా రాయాలి. ఫోన్ నంబరు ఒక్కరిదే ఇవ్వాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు, గోడతోపాటు వీధిదీపం, రోడ్డు కూడా అదే పేజీలో అడగడం. దీపం ఒకరి పని, రోడ్డు ఇంకొకరి పని. కాగితం ఒక శాఖకు పోతే మిగతావి అక్కడే ఆగిపోతాయి. ఒక పేజీకి ఒక్క కోరికే. పేజీలో పట్టించాలని అక్షరాలు చిన్నవి చేయకండి, మాటలు తగ్గించండి. ఎడమ పక్కన, పైన ఖాళీ వదలండి. అధికారి తన ఆదేశం రాసేది అక్కడే.

కాగితం ముందే ఇస్తే చదవడంలో పడి మన మాట వినరు. చెప్పడం అయ్యాక ఇవ్వండి. సమయం లేదంటే మాత్రం ముందే చేతికిచ్చి, మొదటి వాక్యం చదివి వినిపించండి.

వెళ్లే ముందు ఒక పరీక్ష పెట్టండి. ఈ విషయం తెలియని ఒకరికి రెండు నిమిషాలు చదవనిచ్చి, కాగితం వెనక్కి తీసుకోండి. ఏమి అడిగాం, ఎంత, ఎప్పటిలోగా అని అడగండి. ఈ మూడూ చెప్పగలిగితే తీసుకెళ్లండి. చెప్పలేకపోతే, ఏది చెప్పలేదో ఆ వాక్యాన్ని తిరిగి రాయండి.